ట్రఫ్ శాంపిల్: వాంకోమైసిన్‌కి గంటలు చూడాలి, ఫెనిటాయిన్‌కి రోజులు

ప్రశ్న: "ఐసీయూలో స్టాఫ్ నర్సుగా చేరి నాలుగు నెలలైంది. డాక్టర్లు వాంకోమైసిన్‌కీ, ఫెనిటాయిన్‌కీ 'ట్రఫ్ లెవెల్ పంపండి' అని రాస్తారు. డోస్‌కి ఎంత ముందు తియ్యాలి? అన్ని మందులకీ ఒకటే రూలా? రిపోర్ట్ వచ్చేదాకా డోస్ ఆపాలా? ఒక్కొక్కరు ఒక్కోలా చెబుతున్నారు."

తర్వాతి డోస్ మొదలుపెట్టే ముందు అరగంటలోపు తియ్యండి. రెండు మందులకీ ఇది పనికొస్తుంది. తేడా ఎక్కడంటే, వాంకోమైసిన్ శాంపిల్ రెండు గంటలు అటూ ఇటూ అయితే రిపోర్టే మారిపోతుంది. ఫెనిటాయిన్‌కి రెండు గంటలతో పెద్దగా పోయేదేమీ లేదు, కానీ డోస్ మార్చిన ఎన్నో రోజున తీశారన్నది తప్పితే రిపోర్ట్ తప్పుదారి పట్టిస్తుంది. ఇక డోస్ ఆపడం సంగతి. కిడ్నీ పనితీరు నిలకడగా ఉన్న పేషెంట్‌కి శాంపిల్ తీశాక డోస్ ఇచ్చెయ్యడమే మామూలు పద్ధతి. క్రియాటినిన్ పెరుగుతున్నా, యూరిన్ తగ్గినా మాత్రం డోస్ ఎక్కించకముందే డాక్టర్‌ని అడగండి.

నేను క్లినికల్ ఫార్మసిస్ట్‌ని. రోజూ ఈ రిపోర్టుల మధ్యే బతుకుతాను కాబట్టి కారణాలు కాస్త వివరంగా రాస్తాను.

ట్రఫ్ అంటే అసలు ఏమిటి

మందు ఎక్కించగానే రక్తంలో స్థాయి పెరుగుతుంది, అక్కడి నుంచి మెల్లగా దిగుతుంది. తర్వాతి డోస్ పడే క్షణానికి ముందు ఎంత కిందికి దిగిందో అదే ట్రఫ్. ఇది "డోస్‌కి ముందు ఎప్పుడో" తీసిన శాంపిల్ కాదు, ఆ వాలులో చిట్టచివరి బిందువు. గంట ముందు తీస్తే వాలులో కాస్త పైనున్న బిందువు దొరుకుతుంది. అది ఎంత పైన అన్నది ఆ మందు ఎంత వేగంగా దిగుతుందో దాన్నిబట్టి ఉంటుంది. ఆ వేగాన్ని హాఫ్‌లైఫ్‌తో కొలుస్తాం, అంటే రక్తంలో స్థాయి సగానికి తగ్గడానికి పట్టే సమయం.

కిడ్నీలు బాగున్న పెద్దవాళ్లలో వాంకోమైసిన్ హాఫ్‌లైఫ్ సుమారు 6 గంటలు. రెండు గంటలు ముందు తీస్తే అసలు ట్రఫ్ కన్నా పావు వంతు ఎక్కువ చూపిస్తుంది. 12 ఉండాల్సింది 15 అని వస్తుంది. ఫెనిటాయిన్ మామూలు స్థాయిల్లో ఒక రోజు అటూ ఇటూగా సగానికి తగ్గుతుంది, కాబట్టి అదే రెండు గంటల తేడా అక్కడ 6 శాతమే. ఫినోబార్బిటాల్‌కి సుమారు 100 గంటలు పడుతుంది, అక్కడ తేడా ఒకటిన్నర శాతం కూడా రాదు. ఫినోబార్బిటాల్ శాంపిల్ మధ్యాహ్నం తీశారని ఎవరైనా మీ మీద కేకలేస్తే మనసులోనే నవ్వుకోండి.

అంటే గడియారం ఎంత గట్టిగా పట్టుకోవాలో హాఫ్‌లైఫ్ చెబుతుంది. ఎన్నో రోజున తియ్యాలో కూడా అదే చెబుతుంది. ఒకే డోస్ క్రమం తప్పకుండా ఇస్తూపోతే నాలుగైదు హాఫ్‌లైఫ్‌లు గడిచాక ఎక్కే మందు, దిగే మందు సమానమవుతాయి. దాన్నే స్టెడీ స్టేట్ అంటారు. వాంకోమైసిన్ 12 గంటలకొకసారి ఇస్తుంటే నాలుగో డోస్ ముందు తియ్యమని రాయడం అందుకే. అప్పటికి 36 గంటలు గడిచి ఉంటాయి. కిడ్నీలు దెబ్బతిన్న వాళ్లలో హాఫ్‌లైఫ్ చాలా సాగుతుంది, నాలుగో డోస్‌కి స్టెడీ స్టేట్ రాదు. అలాగని వాళ్ల విషయంలో ఆగుతూ కూర్చోకూడదు. మందు పేరుకుపోతోందో లేదో తెలియడానికి వాళ్లకి ఇంకా ముందే తీస్తాం. ఆ రిపోర్ట్‌ని స్టెడీ స్టేట్ రిపోర్ట్‌లా మాత్రం చదవం.

ఒక కేసు పూర్తిగా చెబుతాను

సుమారు 57 కేజీల మనిషి. వాంకోమైసిన్ 1 గ్రాము, 12 గంటలకొకసారి, పొద్దున 8కి, రాత్రి 8కి, ఒక్కో డోస్ గంటన్నర పాటు. మూడో రోజు సాయంత్రం 7:30కి శాంపిల్ తీశారు. ఫారం మీద "ట్రఫ్, చివరి డోస్ ఉదయం 8:00" అని ఉంది. రిపోర్ట్ 20.7 మి.గ్రా/లీ. డ్యూటీలో ఉన్న డాక్టర్ చూసి, "ఎక్కువుంది, రాత్రి డోస్ ఆపి రేపటి నుంచి 750 చేద్దాం" అన్నారు. అంకె మాత్రమే చూస్తే ఆ మాటలో తప్పులేదు.

నాకు అనుమానం ఎందుకొచ్చిందంటే, ముందు రెండు రోజులూ క్రియాటినిన్ కదల్లేదు, యూరిన్ బాగానే వస్తోంది. అలాంటి మనిషికి ఆ డోస్‌తో అంత ట్రఫ్ రావడం పొసగలేదు. వార్డుకి ఫోన్ చేసి ఒక్కటే అడిగాను: "పొద్దున డోస్ నిజంగా ఎన్ని గంటలకి పెట్టారు?"

అవతల కాసేపు నిశ్శబ్దం. తర్వాత బయటపడింది. పొద్దున పేషెంట్‌ని స్కాన్‌కి తీసుకెళ్లారు, తిరిగొచ్చేసరికి కాన్యులా ఊడిపోయి ఉంది. కొత్త లైన్ దొరకడానికి చాలాసేపు పట్టి, డోస్ మధ్యాహ్నం 1 గంటకి మొదలైంది. చార్ట్‌లో మాత్రం 8 గంటల గడిలోనే సంతకం పడింది, ఎందుకంటే ఆ గడి అక్కడే ఉంది. ఎవరూ కావాలని చేసింది కాదు.

అంటే ఆ 20.7 పదకొండున్నర గంటల తర్వాతి శాంపిల్ కాదు, ఆరున్నర గంటల తర్వాతిది. అసలు ట్రఫ్ సమయం రాత్రి 1 గంట. డోస్ ఆపక్కర్లేదు, తగ్గించక్కర్లేదు, రాత్రి 12:30కి ఇంకో శాంపిల్ తీసి 1 గంటకి డోస్ పెట్టమని డాక్టర్‌తో మాట్లాడి ఒప్పించాను. రెండో రిపోర్ట్ 13.4.

మధ్యలో ఏ డోసూ పడకుండా ఒకే వాలు మీద రెండు బిందువులు దొరికాయి కాబట్టి, ఈ మనిషిలో మందు దిగే వేగం ఊహించే పని లేకుండా లెక్కకే వచ్చింది:

```
k = ln(20.7 / 13.4) / 5 h = 0.087 /h
t½ = 0.693 / 0.087 ≈ 8 h
```

హాఫ్‌లైఫ్ 8 గంటలు. ఇంకో అరగంట ముందుకి లెక్కేస్తే రాత్రి 1 గంటకి ట్రఫ్ సుమారు 12.8. అదే వేగంతో వెనక్కి లెక్కేస్తే ఇన్ఫ్యూజన్ పూర్తయిన 2:30కి సుమారు 32. ఈ రెండు అంకెలతో 24 గంటల ఏయూసీ వేస్తే సుమారు 500 వచ్చింది.

ఇక్కడ ఏయూసీ గురించి ఒక మాట చెప్పాలి. పాత పద్ధతిలో తీవ్రమైన ఎంఆర్ఎస్ఏ ఇన్ఫెక్షన్లకి ట్రఫ్ 15 నుంచి 20 ఉండాలని పట్టుబట్టేవాళ్లం. 2020లో వచ్చిన అమెరికన్ మార్గదర్శకాలు ఆ పద్ధతిని పక్కనపెట్టి, రోజు మొత్తం మీద శరీరానికి తగిలిన మందు మోతాదుని, అంటే ఏయూసీని, 400 నుంచి 600 మధ్య ఉంచమన్నాయి. 15 నుంచి 20 ట్రఫ్ కోసం డోస్ పెంచుతూపోతే కిడ్నీలు దెబ్బతినడం ఎక్కువైందన్నది అందులో పెద్ద కారణం. మన పేషెంట్ ట్రఫ్ 12.8 పాత లెక్కలో తక్కువ, మొదటి రిపోర్ట్ 20.7 ఎక్కువ. ఏయూసీ ప్రకారం మాత్రం డోస్ సరిగ్గా సరిపోయింది. అదే డోస్ కొనసాగించారు.

ఫారం మీద ఆ ఒక్క టైమ్ సరిగ్గా ఉంటే రెండో శాంపిల్ అవసరమే రాకపోను. ఆరున్నర గంటలకి తీసిన శాంపిల్ కూడా పనికొస్తుంది, అది ఆరున్నర గంటలదని తెలిస్తే చాలు. అందుకే మా డిపార్ట్‌మెంట్లో కొత్తగా చేరినవాళ్లకి మొదట చెప్పేది ఇదే. తప్పు టైమ్‌కి తీసిన శాంపిల్‌ని సరిచెయ్యొచ్చు, తప్పు టైమ్ రాసిన శాంపిల్‌ని సరిచెయ్యలేం. డోస్ ఆలస్యమైందని రాయడానికి భయపడకండి. ఫారం మీద మూడు టైములు ఉండాలి. చివరి డోస్ నిజంగా మొదలైన టైమ్, అది పూర్తయిన టైమ్, సూది గుచ్చిన టైమ్. "ట్రఫ్" అనే మాట రాయకపోయినా నాకు ఇబ్బంది లేదు, ఈ మూడూ ఉంటే నేనే తేల్చుకుంటాను.

ఏయూసీ పద్ధతి పాటించే చోట్ల ఇప్పుడు రెండు శాంపిల్స్ అడుగుతారు. ఒకటి ఇన్ఫ్యూజన్ అయిపోయాక ఒకటి రెండు గంటలకి, రెండోది ట్రఫ్. మొదటిది ఇన్ఫ్యూజన్ అయిన వెంటనే తియ్యకండి. మందు రక్తం నుంచి కణజాలాల్లోకి ఇంకా సర్దుకుంటూ ఉంటుంది, అప్పుడు తీస్తే అంకె అబద్ధంగా పైన ఉంటుంది.

లైన్‌లోంచి తీసిన శాంపిల్

అప్పుడప్పుడు 60, 80 అంటూ రిపోర్టులొస్తాయి. పేషెంట్ చూస్తే నిక్షేపంగా ఉంటాడు, క్రియాటినిన్ నార్మల్. చాలాసార్లు కథ ఒకటే. వాంకోమైసిన్ వెళ్లిన లైన్‌లోంచే రక్తం లాగారు. సెంట్రల్ లైన్ గోడకి, హబ్‌కి అంటుకున్న కాస్త మందు చాలు శాంపిల్‌ని పాడుచెయ్యడానికి. ఫ్లష్ చేసి, ముందు వచ్చిన రక్తం పారేసి తీసినా నమ్మకం లేదు. మందు వెళ్లే చేతికి కాకుండా అవతలి చేతికి సూది గుచ్చి తియ్యండి. సెంట్రల్ లైన్ తప్ప గతిలేదంటే మందు వెళ్లని ల్యూమెన్ వాడి, ఆ సంగతి ఫారం మీద రాయండి. పొంతన లేని అంకె వస్తే డోస్ మార్చే ముందు అవతలి చేతి నుంచి మళ్లీ పంపమని నేను అడిగేది అందుకే.

జెంటామైసిన్, అమికాసిన్

వీటి సంగతి త్వరగా చెప్పేస్తాను. రోజుకొకసారి పెద్ద డోస్ ఇచ్చే పద్ధతిలో ట్రఫ్ చూసేది మందు పనిచేస్తోందా అని కాదు, శరీరం నుంచి బయటికి వెళ్లిపోతోందా అని. కిడ్నీలు బాగుంటే జెంటామైసిన్ రెండు మూడు గంటలకి సగం అవుతుంది, 24 గంటలకి దాదాపు ఏమీ మిగలకూడదు. 18 నుంచి 24 గంటల మధ్య ఎప్పుడు తీసినా జెంటామైసిన్ 1 మి.గ్రా/లీ కన్నా తక్కువే రావాలి. అమికాసిన్‌కైతే సాధారణంగా 5 కన్నా తక్కువ. ఎక్కువొస్తే కిడ్నీ వెనకబడుతోందన్న మాట, క్రియాటినిన్ ఇంకా చెప్పకపోయినా సరే. కిడ్నీ మీద ఏ మాత్రం అనుమానమున్నా ఈ మందుల విషయంలో రిపోర్ట్ చూశాకే తర్వాతి డోస్ ఇవ్వడం మంచిది. వాంకోమైసిన్‌కీ దీనికీ ఇక్కడే తేడా.

ఇంకొకటి. అదే పేషెంట్‌కి పిపెరాసిలిన్ లాంటి పెన్సిలిన్ మందు కూడా వెళ్తుంటే, ట్యూబ్‌లో కూర్చున్నంతసేపూ ఆ పెన్సిలిన్ జెంటామైసిన్‌ని నిర్వీర్యం చేస్తూనే ఉంటుంది. శాంపిల్ ట్రేలో మూడు గంటలు మగ్గితే లెవెల్ తక్కువగా వస్తుంది. వెంటనే ల్యాబ్‌కి పంపించండి, అక్కడ త్వరగా సీరం వేరు చెయ్యాలి.

ఫెనిటాయిన్: ఇక్కడ క్యాలెండర్ చూడాలి

ఫెనిటాయిన్‌కి ఒక విచిత్రమైన గుణం ఉంది. లివర్‌లో దాన్ని విరగ్గొట్టే ఎంజైమ్ మామూలు చికిత్స స్థాయిల్లోనే నిండిపోతుంది. కౌంటర్ దగ్గర ఒక్క గుమస్తానే ఉన్నాడనుకోండి. మనుషులు తక్కువున్నంతసేపూ వచ్చినవాళ్లు వచ్చినట్టే వెళ్తారు. అతని చేతికి మించి ఒక్క నలుగురు ఎక్కువొచ్చినా క్యూ సాగుతూపోతుంది. డోస్ మూడో వంతు పెంచితే లెవెల్ మూడో వంతు పెరగదు, రెండింతలో మూడింతలో కావచ్చు. పైగా అది ఒక్కసారిగా పెరగదు, వారాల తరబడి పాకుతుంది.

నేను చూసిన ఒక కేసులో రోజుకి 300 మి.గ్రా మీద లెవెల్ 8 ఉంది, ఫిట్స్ ఆగలేదు. 400కి పెంచారు. ఐదో రోజు పొద్దున డోస్‌కి ముందు, సరిగ్గా ట్రఫ్ టైమ్‌కి, శాంపిల్ తీశారు. రిపోర్ట్ 15. మామూలుగా కోరుకునే స్థాయి 10 నుంచి 20 మి.గ్రా/లీ కాబట్టి అందరూ హమ్మయ్య అనుకున్నారు, పేషెంట్ ఇంటికి వెళ్లాడు. నెల తిరక్కుండా తూలుతూ తిరిగొచ్చాడు. పక్కకి చూస్తే కళ్లు అదురుతున్నాయి, మాట ముద్దగా వస్తోంది. లెవెల్ 24.

ఐదో రోజు శాంపిల్‌లో ఏ తప్పూ లేదు. గంట సరిగ్గా ఉంది, ట్యూబ్ సరిగ్గా ఉంది. కాకపోతే అప్పటికి మందు ఇంకా ఎక్కుతూనే ఉంది. ఆ స్థాయిలో అతని శరీరం స్టెడీ స్టేట్‌కి రావడానికి మూడు వారాలు పైనే పట్టింది. 15 అనేది దారిలో కనిపించిన మైలురాయి, దాన్ని చేరాల్సిన ఊరు అనుకున్నారు. అలాగని ఐదో రోజు తియ్యకూడదని కాదు. తియ్యొచ్చు, కానీ దాన్ని "ఇంకా పెరుగుతుంది" అని చదవాలి, మూడు నాలుగు వారాలకి మళ్లీ తియ్యమని డిశ్చార్జ్ కాగితం మీద రాయాలి. ఇలాంటి దెబ్బలు తిన్నాక ఇప్పుడు చాలామంది 7 దాటిన లెవెల్ మీద 25, 30, 50 మి.గ్రా చొప్పునే పెంచుతారు. ఒకేసారి 100 పెంచరు.

ఫెనిటాయిన్ లోడింగ్ డోస్ ఇచ్చినప్పుడు ట్రఫ్ కోసం ఆగక్కర్లేదు. ఐవీ లోడింగ్ పూర్తయ్యాక రెండు గంటలకి తీస్తే లోడింగ్ సరిపోయిందో లేదో తెలుస్తుంది. ఫాస్‌ఫెనిటాయిన్ ఇచ్చి ఉంటే అది శరీరంలో ఫెనిటాయిన్‌గా మారాలి. ఐవీ అయితే రెండు గంటలు, ఐఎం అయితే నాలుగు గంటలు ఆగండి. ముందే తీస్తే మారని ఫాస్‌ఫెనిటాయిన్‌ని కూడా కొన్ని టెస్టులు ఫెనిటాయిన్ కింద లెక్కేసి ఎక్కువ చూపిస్తాయి.

ఐసీయూలో ఇంకో చిక్కుంది. ఫెనిటాయిన్‌లో 90 శాతం ఆల్బుమిన్‌కి అతుక్కుని ఉంటుంది, పనిచేసేది మిగతా 10 శాతమే. ఆల్బుమిన్ పడిపోతే మొత్తం లెవెల్ తక్కువగా కనిపిస్తుంది, పనిచేసే భాగం మాత్రం తగ్గదు. లెవెల్ 9, ఆల్బుమిన్ 2 ఉందనుకోండి:

```
9 / (0.2 × 2 + 0.1) = 18
```

9 చూసి డోస్ పెంచితే 18 మీద పెంచినట్టే. ఈ లెక్క ఐసీయూ పేషెంట్లలో ప్రతిసారీ కచ్చితంగా నిలవదు, కాబట్టి ఫ్రీ ఫెనిటాయిన్ టెస్ట్ దొరికితే అదే మేలు. అది 1 నుంచి 2 మధ్య ఉండాలి. కాబట్టి ఫెనిటాయిన్ శాంపిల్‌తో పాటు అదే రోజు ఆల్బుమిన్ కూడా పంపండి, మేం అడక్కుండానే పంపితే ఇంకో ఫోన్ కాల్ తప్పుతుంది. ట్యూబ్ సంగతి కూడా చెప్పాలి. జెల్ ఉన్న ట్యూబ్‌లో ఎక్కువసేపు ఉంటే ఫెనిటాయిన్‌ని ఆ జెల్ పీల్చుకుని లెవెల్ తగ్గుతుంది. జెల్ లేని ప్లెయిన్ ట్యూబ్ వాడండి.

మిగతా ఫిట్స్ మందులు

లెవెటిరసెటామ్ 6 నుంచి 8 గంటల్లో సగానికి తగ్గుతుంది. అంటే అది ఫిట్స్ మందే అయినా గడియారం విషయంలో వాంకోమైసిన్ జాతిది. పొద్దున డోస్ ముందు కచ్చితంగా తియ్యాలి. టాబ్లెట్ వేసిన గంటకి తీసి "లెవెల్ బాగుంది" అనుకుంటే లాభం లేదు. వాల్‌ప్రోయేట్ మధ్యరకం. రోజుకి రెండుసార్లు వేసుకునేవాళ్లకి పొద్దున డోస్ ముందు తీస్తే సరిపోతుంది. కానీ రాత్రి ఒక్కసారే వేసుకునే ఎక్స్‌టెండెడ్ రిలీజ్ టాబ్లెట్ అయితే పొద్దున తీసినది ట్రఫ్ కాదు, నడిమధ్యలోది. దానికి ట్రఫ్ రాత్రి టాబ్లెట్ ముందే. ఇలాంటి పేషెంట్‌కి పొద్దున తప్ప కుదరకపోతే ప్రతిసారీ పొద్దున అదే టైమ్‌కి తియ్యండి, పాత రిపోర్ట్‌తో పోల్చడానికైనా వీలుంటుంది.

కార్బమజెపైన్ తనని విరగ్గొట్టే ఎంజైమ్‌ని తనే పెంచుకుంటుంది. మొదటి వారంలో వచ్చిన మంచి లెవెల్ మూడు నాలుగు వారాలకి అదే డోస్ మీద తగ్గిపోతుంది. ఫెనిటాయిన్ కథకి తలకిందులన్న మాట.

యాంటీబయాటిక్, ఫిట్స్ మందు రెండూ ఒకే పేషెంట్‌కి వెళ్తున్నప్పుడు ఒక జత మీద కన్నేసి ఉంచండి. వాల్‌ప్రోయేట్ మీద ఉన్న మనిషికి మెరోపెనెమ్ గానీ ఆ కుటుంబంలోని ఇంకేదైనా కార్బపెనెమ్ గానీ మొదలైతే, వాల్‌ప్రోయేట్ లెవెల్ ఒక రోజులోనే సగానికన్నా కిందికి పడిపోవచ్చు. 70 ఉన్నది 15కి వస్తుంది. చూసినవాళ్లు శాంపిల్ తప్పు టైమ్‌కి తీశారనుకుని మళ్లీ పంపమంటారు, మళ్లీ అదే వస్తుంది. వాల్‌ప్రోయేట్ డోస్ పెంచినా లెవెల్ లేవదు. యాంటీబయాటిక్ మార్చాలి, లేదంటే ఇంకో ఫిట్స్ మందు కలపాలి. మెరోపెనెమ్ ఆపాక కూడా వాల్‌ప్రోయేట్ మళ్లీ పాత స్థాయికి రావడానికి వారం, రెండు వారాలు పడుతుంది. చార్ట్‌లో ఈ రెండు పేర్లూ పక్కపక్కన కనిపిస్తే లెవెల్ కోసం ఆగకుండా ముందే చెప్పెయ్యండి.

ట్రఫ్ కోసం ఆగకూడని సందర్భం

పేషెంట్ తూలుతున్నాడు, రెండేసి కనిపిస్తున్నాయంటున్నాడు, మత్తుగా ఉన్నాడు. ఫిట్స్ మందు ఎక్కువైందేమోనని అనుమానం. అప్పుడు "ట్రఫ్ రేపు పొద్దున కదా" అని కూర్చోవద్దు. లక్షణాలు ఉన్నప్పుడే తియ్యండి, టైమ్ రాయండి. కార్బమజెపైన్ వేసుకున్న మూడు గంటలకి కళ్లు తిరిగే మనిషికి మర్నాడు పొద్దున ట్రఫ్ తీస్తే నిక్షేపంగా 9 వస్తుంది, కళ్లు తిరగడం మాత్రం ఎవరికీ అర్థం కాదు. ఫిట్స్ వచ్చినప్పుడు కూడా అంతే. డోస్ మర్చిపోయాడా, వాంతి చేసుకున్నాడా అన్నది తెలియాలంటే వచ్చిన వెంటనే, కొత్తగా ఏదీ ఎక్కించకముందే, ఒక ట్యూబ్ తీసి పెట్టుకోండి.

మీ వార్డులో ఒక్కొక్కరు ఒక్కోలా చెబుతున్నారన్నారు కదా. బహుశా ఒకరు వాంకోమైసిన్ మనసులో పెట్టుకుని, ఇంకొకరు ఫెనిటాయిన్ మనసులో పెట్టుకుని చెబుతున్నారు, రెండూ నిజమే అయ్యుంటాయి. మందు పేరు, డోస్ ఎన్ని గంటలకొకసారి, క్రియాటినిన్ రాసి ఇక్కడే కింద పెడితే ఆ మందుకి ఏ టైమో చెబుతాను. పేషెంట్ వివరాలు మాత్రం రాయకండి.